ప్రూఫ్ మీద సంతకం

విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో, ఓ మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేసే అబ్బాయి రెజ్యూమేని నేను ఒకప్పుడు పదకొండుసార్లు మార్చాను. అప్పటికి ఈ పని మొదలుపెట్టి రెండేళ్లు. 2,500 రూపాయలకు రెజ్యూమే, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ రెండూ రాసిస్తానని ఒప్పుకున్నాను. ఎన్నిసార్లు మార్పులు చేస్తానో చెప్పలేదు. ‘‘మీకు నచ్చేదాకా చేస్తానండీ’’ అన్నాను. ఆ మాట మర్యాదకు అన్నదే, కానీ అతను దాన్ని ఒప్పందంగా తీసుకున్నాడు. అలా తీసుకోవడంలో అతని తప్పేమీ లేదు.

మొదటి డ్రాఫ్టు పంపిన రోజు సాయంత్రమే రూమ్మేట్ చూసి, ఫొటో లేదేమిటన్నాడట. పెట్టమన్నాడు. మర్నాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావ ఫోన్లో చూసి, పక్కపక్కన రెండు వరసల్లో రంగులతో ఉంటే బాగుంటుందన్నాడు. ఆ తర్వాత రెజ్యూమేకి నూటికి మార్కులేసే వెబ్‌సైటు ఒకటి 62 ఇచ్చిందని స్క్రీన్‌షాట్ వచ్చింది. పాత ల్యాబులోని సీనియర్ ఒకాయన, గ్యాస్ క్రొమటోగ్రఫీ పని రాయలేదేమని అడిగాడు. నిజానికి అది నాకు చెప్పనేలేదు. మూడు వారాలు గడిచాక, పదో మార్పు దగ్గర అసలు సంగతి బయటపడింది. అతను వెళ్లాలనుకుంటున్నది క్వాలిటీ కంట్రోల్‌కి కాదు, హైదరాబాద్‌లో కొత్త పరీక్షా పద్ధతులు తయారుచేసే అనలిటికల్ రీసెర్చి విభాగానికి. రాసిందంతా వేరే ఉద్యోగానికి రాసినట్టయింది.

లెక్క చూసుకున్నాను. మాట్లాడటం, రాయడం, సరిచూడటం కలిపి మొదటి డ్రాఫ్టుకి ఆరు గంటలు పట్టింది. అక్కడితో ఆగి ఉంటే గంటకు 400 రూపాయల పైన పడేది. ఒక్కో మార్పుకి సగటున నలభై నిమిషాలు వేసుకున్నా పదకొండుకి ఏడు గంటల ఇరవై నిమిషాలు. మొత్తం పదమూడు గంటల పైచిలుకు. గంటకు 190 కూడా పడలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు కాదు. పదకొండోది మొదటిదానికంటే అధ్వాన్నంగా ఉంది. నలుగురి అభిప్రాయాలూ అతికించిన కాగితంలో ఆ అబ్బాయి కనిపించడం మానేశాడు.

ఆ పదకొండు మార్పుల్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుని విడదీశాను. రెండు నా తప్పులు: ఒక నెల తప్పు, ఒక స్పెల్లింగు. మూడు, ఆలస్యంగా తెలిసిన వివరాలు. నాలుగు, వేరేవాళ్ల అభిరుచులు. మిగిలిన రెండూ గురి మారడం వల్ల వచ్చినవి. నా వాక్యం బాగాలేదని వచ్చిన మార్పు ఒక్కటీ లేదు. నేను రాతలో పడ్డ కష్టమంతా ఒక దిక్కున ఉంటే, రోగం ఇంకో దిక్కున ఉంది.

దీనికి మందు నాకు శుభలేఖలు అచ్చువేసే ఒక పెద్దాయన దగ్గర దొరికింది. మా పిన్ని కూతురి పెళ్లికి కార్డులు వేయించడానికి వెళ్లాను. ఆయన ప్రూఫ్ మీద సంతకం తీసుకుంటాడని తెలుసు, అన్ని ప్రెస్సుల్లోనూ తీసుకుంటారు. ఈయన ఇంకో అడుగు ముందున్నాడు. టైపు చేయకముందే ఒక తెల్లకాగితం ఇచ్చి, పెద్దల పేర్లు ఏ వరసలో రావాలో, ఎవరి పేరు పక్కన కీర్తిశేషులు అని ఉండాలో, ముహూర్తం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో ఇంటాయన చేత రాయించి, దాని మీద ఒక సంతకం తీసుకున్నాడు. ‘‘ప్రూఫులో గొడవలన్నీ పేర్ల కాగితం నుంచే వస్తాయమ్మా. అక్షరం తప్పు నాది, దిద్దేస్తాను. మేనమామ పేరు మర్చిపోవడం మీది’’ అన్నాడు. ఇంటికొచ్చి నా పద్ధతంతా మార్చుకున్నాను.

ఇప్పుడు నేను డ్రాఫ్టుకి ముందు వివరాల కాగితం తయారుచేస్తాను. అది రెజ్యూమే కాదు. అందులో అందం ఏమీ ఉండదు. ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ హోదాలో, ఏ యంత్రాల మీద, రోజుకు ఎంత పని, గర్వంగా చెప్పుకోదగ్గ మూడు సంఘటనలు, వెళ్లాలనుకుంటున్న ఉద్యోగం ప్రకటనలు రెండు. ఊహించుకున్న ఉద్యోగం కాదు, నిజంగా దరఖాస్తు పెట్టబోయే ప్రకటనలు. అవి తెచ్చేదాకా నేను మొదలుపెట్టను. ఇదంతా రాసి పంపితే క్లయింటు చదివి, ‘‘చదివాను, అన్నీ సరిగా ఉన్నాయి’’ అని వాట్సాప్‌లో జవాబివ్వాలి. అదే నా పేర్ల కాగితం మీద సంతకం.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. మొదటి అబ్బాయి ల్యాబు నుంచే మరుసటి ఏడాది ఒక అమ్మాయి వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఆరేళ్ల అనుభవం. బల్క్ డ్రగ్, అంటే మందులోని అసలు పదార్థం తయారయ్యే చోటు నుంచి, మాత్రలు తయారుచేసే ఫార్ములేషన్ కంపెనీకి మారాలని కోరిక. పాత రెజ్యూమే నాలుగు పేజీలు. మొదట లక్ష్యం అని ఒక పేరా, చివర తండ్రి పేరు, పుట్టిన తేదీ, పైన రాసినదంతా నిజమని ప్రమాణం, సంతకం చోటు. మధ్యలో చేసిన పని గురించి ఉన్నది ఒకే వాక్యం: ముడిసరుకుల, తయారైన సరుకుల రోజువారీ పరీక్షలు చేయుట.

‘‘మీ పనేమిటి’’ అని అడిగితే ఎవరైనా ఆ వాక్యమే చెబుతారు. అందుకని నేను అలా అడగను. ‘‘నిన్న పొద్దున ల్యాబులో అడుగుపెట్టాక మొట్టమొదట ముట్టుకున్నదేంటమ్మా?’’ అని అడిగాను. ‘‘బ్యాలెన్స్ అక్కా. బరువు రాళ్లతో చెక్ చేసి రిజిస్టర్లో రాస్తాం’’ అంది. తర్వాత? మొబైల్ ఫేజ్ కలిపి, హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి పెట్టి, అది ఆ రోజు పరీక్షకు పనికొస్తుందో లేదో చూసే సిస్టమ్ సూటబిలిటీ. ఎన్ని యంత్రాలు నీ చేతిలో? మూడు. రోజుకు ఎన్ని శాంపిళ్లు? ఎనిమిది, తొమ్మిది. ఇలా అడుగుతూ పోతే నలభై నిమిషాలకు అసలు విషయం వచ్చింది.

ఒకసారి మలినాల పరీక్షలో ఎప్పుడూ లేని ఒక పీక్ కనిపించి, ఆ బ్యాచ్ పరిమితి దాటింది. ఇలాంటప్పుడు వెంటనే మళ్లీ పరీక్ష చేసి మంచి ఫలితం రాసుకోవడం కుదరదు. తప్పు ల్యాబులో జరిగిందా, సరుకులోనే ఉందా అని ముందు విచారించాలి. ఆ అమ్మాయి శాంపిల్ లేని ఉత్త ద్రావకాన్ని ఎక్కించి చూద్దామంది. అందులోనూ అదే పీక్ వచ్చింది. అంటే తప్పు సరుకుది కాదు. ముందు నడిచిన శాంపిల్ సూదికి అంటుకుని వస్తోందని విచారణలో తేలింది. సూది కడిగే ద్రావకం మార్చాలని ఆమె రాసిన సూచన ఆ తర్వాత ల్యాబు పద్ధతిలోకి వెళ్లింది. ఆరేళ్లలో ఆమె ఈ సంగతి ఏ కాగితం మీదా రాసుకోలేదు. ‘‘ఇది కూడా రాస్తారా అక్కా? ఇది మా డ్యూటీయే కదా’’ అంది. రెజ్యూమేలో మొదటి పేజీ పైభాగాన వచ్చింది అదే. మందు పేరు, కొనే కంపెనీ పేరు మాత్రం రాయలేదు. అవి ఆమెవి కావు, పాత యజమానివి. బయట పెడితే కొత్త యజమాని కూడా, రేపు మా రహస్యాలూ ఇలాగే రాస్తుంది కదా అనుకుంటాడు.

రెండో ముఖ్యమైన సంగతి తేదీల దగ్గర తేలింది. ఈపీఎఫ్ ఖాతాలో ఉద్యోగ చరిత్ర తెరిచి, ఏ తేదీకి ఏ యజమాని పేరుందో చదవమంటాను. స్క్రీన్‌షాట్ అడగను. అందులోని ఖాతా నంబర్లు నా ఫోన్లో ఉండాల్సిన అవసరం లేదు. ఆమె చదువుతూ ఆగిపోయింది. మొదటి పద్నాలుగు నెలలూ కంపెనీ పేరు లేదు, మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు పేరుంది. పని చేసింది కంపెనీ ల్యాబులోనే, జీతం ఇచ్చింది కాంట్రాక్టరు. ఆరేళ్లూ కంపెనీ పేరే రాసుకుంటూ వచ్చింది. ఇందులో మోసం లేదు, ఆ తేడా ఆమె గమనించనే లేదు. కానీ ఉద్యోగం వచ్చాక జరిగే వెరిఫికేషన్‌లో ఈపీఎఫ్ రికార్డును పోల్చి చూడటం ఇప్పుడు మామూలైపోయింది. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక ఈ తేడా బయటపడితే వివరణ ఎవరూ ఓపిగ్గా వినరు. అందుకని ఆ పద్నాలుగు నెలల్నీ విడిగా, కాంట్రాక్టరు పేరుతో, పని చేసిన చోటుగా కంపెనీ పేరుతో రాశాం. డ్రాఫ్టు అయ్యాక ఇది తెలిసి ఉంటే పేజీ మొత్తం కదిలేది.

వివరాల కాగితానికి ఆమె ఒప్పుకోలు వచ్చాక రాయడానికి నాకు మూడు గంటలు పట్టింది. రెండు పేజీలు, ఒకే వరస, పెట్టెలూ పట్టికలూ లేకుండా వర్డ్ ఫైలు. మార్పులు రెండుసార్లు అడిగింది. ఒకటి, డిసల్యూషన్ పరీక్ష శిక్షణలో చేసిందే తప్ప ఉద్యోగంలో చేయలేదు కాబట్టి ఆ మాట స్పష్టంగా ఉండాలని. రెండోది, తను కోరుకునే ఊళ్ల వరస గురించి. రెండూ న్యాయమైనవే.

మార్పులకు నేను పెట్టుకున్న హద్దు చాలా చిన్నది, డబ్బు తీసుకోకముందే ఫోన్లో తెలుగులో చెబుతాను. ఇంగ్లిష్‌లో షరతుల జాబితా పంపితే ఎవరూ చదవరు, చదవని షరతును తర్వాత చూపించడం గొడవకు దారి. నా తప్పు ఎప్పుడు కనిపించినా, ఏడాది తర్వాతైనా, ఉచితంగా దిద్దుతాను. దాన్ని మార్పు కింద లెక్కపెట్టను. క్లయింటు అడిగే మార్పులు రెండు విడతలు, డ్రాఫ్టు అందిన వారం లోపల. ఒక్కో విడతలో ఎన్ని మార్పులైనా అడగొచ్చు గానీ అన్నీ ఒకే మెసేజిలో రావాలి. బావకు చూపించినా, సీనియర్‌కి చూపించినా, వాళ్లలో ఎవరి మాట తీసుకోవాలో తేల్చుకుని క్లయింటే నాకు చెప్పాలి. బావతో నేను మాట్లాడను. ఇక ఉద్యోగం గురే మారితే అది కొత్త పని, దానికి 800 విడిగా. ఇవన్నీ విన్నాక సగం అడ్వాన్సు ఇవ్వబోయే మనిషి కాస్త ఆగితే ఆగనిస్తాను. ఇప్పుడు ఆగి ఆలోచించని మనిషి మూడో విడత దగ్గర కోప్పడతాడు.

‘‘ఒకే మెసేజి’’ అన్న షరతే అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. మార్పులు చుక్కచుక్కగా వచ్చినప్పుడు సోమవారం పెట్టమన్నదాన్ని బుధవారం తీసేయమంటారు. అన్నీ ఒకచోట రాయాల్సి వచ్చేసరికి ఫొటో పెట్టమన్న రూమ్మేట్ మాట, తీసేయమన్న సీనియర్ మాట పక్కపక్కన పడతాయి. క్లయింటే వాటిని తూచి ఒకటి కొట్టేస్తాడు. నాకు వచ్చే మార్పులు సగానికి తగ్గింది అందుకే.

మార్కులేసే వెబ్‌సైట్ల గురించి మాత్రం వాదించను, చూపిస్తాను. కంపెనీలు దరఖాస్తుల్ని వడపోయడానికి వాడే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి ఒకే మార్కుల పట్టిక లేదు. ఒక సైటు ఇచ్చే 62 ఆ సైటు సొంత లెక్క, దాని కింద చాలాసార్లు వాళ్లే అమ్మే సర్వీసు ఉంటుంది. నేను చేయించే పరీక్ష ఖర్చు లేనిది. రెజ్యూమే మొత్తాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించమంటాను. పేరు, ఫోన్ నంబరు, కంపెనీలు, తేదీలు చదివే వరసలోనే వస్తే చాలావరకు యంత్రం కూడా చదవగలుగుతుంది. పరవాడ అబ్బాయి బావ కోరిన రెండు వరసల రంగుల రెజ్యూమేని ఇలా అతికిస్తే, ఒక కంపెనీ పేరు పక్కన ఇంకో కంపెనీ తేదీ వచ్చింది.

లింక్డ్‌ఇన్ దగ్గర పద్ధతి వేరు. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కి 220 అక్షరాలు, పరిచయం భాగానికి 2,600 అక్షరాలు హద్దు. పరిచయంలో మొదటి రెండు మూడు లైన్లే ముందు కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు. కాబట్టి ఆ రెండు లైన్లలోనే ఏ పరీక్షలు, ఏ యంత్రాలు, ఎన్నేళ్లు అన్నది రావాలి. నేను ఎవరి పాస్‌వర్డూ తీసుకోను. రాసిన మాటల్ని ఫైలులో ఇస్తాను, స్క్రీన్ షేర్ పెట్టుకుని వాళ్ల చేతే ఎక్కిస్తాను. ఎక్కించే ముందు, ప్రొఫైల్లో మార్పులు పరిచయస్తులందరికీ తెలియజేసే సెట్టింగును ఆపు చేయిస్తాను. ఉద్యోగం వెతుకుతున్నామని చెప్పే ఓపెన్ టు వర్క్‌ని రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. అయినా సొంత కంపెనీ వాళ్లకు అస్సలు తెలియదని లింక్డ్‌ఇనే హామీ ఇవ్వదు. ఆ మాట కూడా ముందే చెబుతాను. ఒకే ల్యాబులో పక్కపక్క స్టూళ్ల మీద కూర్చునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. తొంభై రోజుల నోటీసు పీరియడ్ ఉన్నచోట, ఆఫర్ రాకముందే మేనేజరుకు తెలిస్తే రోజులు కష్టంగా గడుస్తాయి.

నాకు క్లయింట్లు వచ్చేదీ ఈ గుట్టు వల్లే. మొదట్లో నేను హైదరాబాద్ ఎస్సార్ నగర్ హాస్టళ్ల గోడల మీద పాంప్లెట్లు అంటించాను. ఫోన్లు బాగానే వచ్చాయి గానీ పదిమందిలో ఎనిమిదిమంది అడిగింది ఒకటే, ‘‘జాబ్ ఇప్పిస్తారా?’’ అని. అమీర్‌పేట చుట్టుపక్కల గోడల మీద నా కాగితం పక్కన ఉండేవి డబ్బు కడితే ఉద్యోగం అనే కాగితాలే. వాటి మధ్య నేనూ అలాగే కనిపించాను. మిగిలినవాళ్లలో కొందరు మూడేళ్ల అనుభవం కలిపి రాయమన్నారు. లేని అనుభవం రాయనని చెబితే ఫోన్ పెట్టేసేవారు. దానికి నేను ఏనాడూ బాధపడలేదు. ఆ రాత ఈపీఎఫ్ చరిత్ర ముందు నిలవదు, నిలిచినా నేను రాయను.

పాంప్లెట్లు మానేసి ఒక జిరాక్స్ షాపాయనతో మాట్లాడుకున్నాను. మందుల కంపెనీల వాకిన్ ఇంటర్వ్యూలు ఎక్కువగా ఆదివారాలు ఉంటాయి. శనివారం సాయంత్రం ఆ షాపు దగ్గర రెజ్యూమేలు ప్రింటు తీయించుకునేవాళ్ల వరస ఉంటుంది. ఒక మూలన కుర్చీ వేసుకుని, అడిగినవాళ్లకు ఒకే ఒక్క విషయం దిద్దిపెట్టేదాన్ని, డబ్బు తీసుకోకుండా. తేదీల్లో తేడాలు, తప్పు ఫోన్ నంబరు, చదవడానికి వీల్లేని ఈమెయిల్ పేరు. మర్నాటి ఇంటర్వ్యూకి పూర్తి రెజ్యూమే రాయమంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఒక్క రాత్రిలో రాసింది అతనిదిగా ఉండదు, ఇంటర్వ్యూలో అడిగితే చెప్పలేడు. ఇంటర్వ్యూ అయ్యాక తిరిగొచ్చిన వాళ్లే నా మొదటి నిజమైన క్లయింట్లు. ఆరు నెలల శనివారాలకు పద్నాలుగు మంది.

అందులో క్వాలిటీ కంట్రోల్ వాళ్లు ముగ్గురు. వాళ్ల ద్వారా వాళ్ల ల్యాబుల్లోంచి ఇంకొందరు, నెమ్మదిగా. ఆ పని మాటలు నాకు పట్టుబడ్డాక అన్ని రంగాలూ రాయడం తగ్గించి, ఫార్మా ల్యాబుల వాళ్లవే ఎక్కువ తీసుకోవడం మొదలుపెట్టాను. బ్యాలెన్స్ దగ్గర మొదలుపెట్టి అడగడం ఎవరూ నేర్పలేదు, ఇరవయ్యో క్లయింటు దగ్గర తెలిసింది. రంగం తెలిస్తే ప్రశ్నలు సరిగా పడతాయి, ప్రశ్నలు సరిగా పడితే మార్పులు తగ్గుతాయి. ఒకరి రెజ్యూమేని ఇంకొకరికి నమూనాగా చూపించను. పేరు కొట్టేసినా ఆ ల్యాబు వాళ్లు పోల్చుకుంటారు. చూపించడానికి కల్పిత మనిషి రెజ్యూమే ఒకటి రాసిపెట్టుకున్నాను.

ఈ హద్దులు పనిచేయని సందర్భం ఒకటుంది. ఉద్యోగం పోయిన మనిషి. రెండు నెలలుగా కాల్స్ రాకపోతే అతను రాత్రి పదకొండుకి మెసేజి పెడతాడు, ఇంకొంచెం స్ట్రాంగ్‌గా చేయండని. ఏ లైను? ఏ ఉద్యోగానికి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు లేకపోతే అది మార్పు కోరడం కాదు, భయం. ఆ భయానికి రెజ్యూమేలో ఇంకో పదం జవాబు కాదు. నేను మూడో విడతకు డబ్బు అడగను, మళ్లీ రాయనూ రాయను. ఫోన్ చేసి, ఎన్నిచోట్ల పెట్టారు, ఏ హోదాకు పెట్టారు అని అడుగుతాను. మొన్న అలా అడిగితే ఒకతను ఆరేళ్ల అనుభవంతో పన్నెండేళ్లు అడిగే ఉద్యోగాలకే వరసగా పెడుతున్నాడని తెలిసింది. రెజ్యూమేలో ఒక్క అక్షరం మార్చలేదు, పెట్టే ఉద్యోగాలు మార్చమన్నాను. ఉద్యోగం వస్తుందని గానీ, ఇంటర్వ్యూ ఖాయమని గానీ నేను ఎవరికీ మాట ఇవ్వను. అది నా చేతిలో లేదు.

రెజ్యూమే రాయించుకోవాలనుకునే వాళ్లకు నా విన్నపం ఒకటే. నాకైనా, ఇంకెవరికైనా డబ్బు ఇవ్వకముందు, ఈ ఆదివారం ఓ అరగంట కూర్చుని మీ ఈపీఎఫ్ ఉద్యోగ చరిత్ర తెరవండి. మీ రెజ్యూమేలో ఉన్న ప్రతి తేదీనీ, ప్రతి యజమాని పేరునీ దాని పక్కన పెట్టి చూసుకోండి. తేడా కనిపిస్తే ఒక తెల్లకాగితం మీద రాసి, రాసేవాళ్ల చేతికి ముందు ఆ కాగితం ఇవ్వండి.